పెద్దవాళ్లతో ప్రయాణం: యాత్రా, విహారమా? ముందే ఎలా తేల్చుకోవాలి

ఇంట్లో భక్తి ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లుంటే సెలవుల ప్లాన్ దగ్గర ప్రతిసారీ ఒకటే పేచీ వస్తుంది. అమ్మానాన్నలకు రామేశ్వరం చూడాలని ఉంటుంది. పిల్లలు కొడైకెనాల్ అంటారు. చివరికి ఇద్దరినీ సంతోషపెడదామని మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, కొడైకెనాల్ అన్నీ ఆరు రోజుల్లో కుక్కేస్తాం. అలా వెళ్లొచ్చినవాళ్లను అడిగి చూడండి. పెద్దవాళ్లకు దర్శనం తృప్తిగా జరగలేదనిపిస్తుంది, పిల్లలకు కారులో కూర్చున్నదే గుర్తుంటుంది.

మన వైపు నుంచి చాలా కుటుంబాలు వెళ్లే దారి కాబట్టి ఈ దక్షిణ తమిళనాడు ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. రాజమండ్రి నుంచి బయల్దేరే ఒక ఇంటిని అనుకుందాం. నాన్నగారికి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మగారికి 71, షుగర్. కొడుకు, కోడలు, పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల బాబు. రైలు ప్రయాణం పోగా చేతిలో ఉండేది ఐదు రోజులు.

1. అక్కడ వాళ్లకు ఏదైనా పని ఉందా? ముందు అది తెలుసుకోండి

"ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే పెద్దవాళ్ల నోటినుంచి నిజం రాదు. "మీ ఇష్టం నాయనా, మీరెక్కడికంటే అక్కడికే" అంటారు. అది నమ్మి ఊటీకి టికెట్లు తీసేశాక, బయల్దేరే ముందు రోజు "దార్లో ఎక్కడైనా రామేశ్వరం తగులుతుందా?" అని మెల్లగా అడుగుతారు.

అందుకని ప్రశ్న మార్చండి. "రామేశ్వరం వెళ్తే అక్కడ ఏం చేయించాలని ఉంది?" అని అడగండి. అమ్మను విడిగా, నాన్నను విడిగా అడగండి. ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు ఒకరి మాటకు ఇంకొకరు సర్దుకుపోతారు. జవాబు సాధారణంగా మూడింట్లో ఒకటవుతుంది.

మొదటిది మొక్కు. ఎప్పుడో మనవడికి జబ్బు చేసినప్పుడో, అబ్బాయికి ఉద్యోగం రానప్పుడో మొక్కుకుని ఉంటారు. దేవుడి గూట్లో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఉందేమో చూడండి. ఆ గుడ్డ పసుపు వెలిసిపోయి తెల్లబడిందంటే వాళ్లు ఎన్నేళ్లుగా అడగలేక ఊరుకున్నారో అర్థమవుతుంది.

రెండోది కార్యం. రామేశ్వరంలో ఇది చాలామందికి ఉంటుంది. పితృదేవతలకు పిండప్రదానం, తిలహోమం చేయించాలనుకునేవాళ్లు ఉంటారు. కాశీ వెళ్లొచ్చినవాళ్లయితే ఆ యాత్ర రామేశ్వరంతో కలిస్తేనే పూర్తవుతుందని నమ్ముతారు. రామేశ్వరంలో తీసుకున్న ఇసుకను ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలపడం, అక్కడి గంగను తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించడం పాత ఆచారం. పూజగదిలో సీలు వేసిన గంగ చెంబు ఇంకా విప్పకుండా ఉంటే ఒకసారి దాని గురించి అడగండి.

మూడోది, ఏ పనీ లేకుండా చూడాలనే కోరిక. "అందరూ వెళ్లొచ్చారు, మేమే చూడలేదు" అంటారు. ఈ కోరికను తక్కువ చేయనక్కర్లేదు. కానీ దీన్ని తీర్చే దారులు చాలా ఉన్నాయి, తేదీల పట్టింపూ తక్కువే.

ముడుపో, కార్యమో ఉంటే అది యాత్రే. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. అవి ప్లాన్‌లో ఒక మూల పడి ఉంటే పెద్దవాళ్ల మనసు ప్రయాణమంతా అక్కడే ఉంటుంది. చూడాలన్న కోరిక మాత్రమే ఉంటే విహారయాత్రనే ఎంచుకుని, ఉదయం పూట నడిచి వెళ్లగలిగే ఒక మంచి గుడి ఉన్న ఊళ్లో బస పెట్టుకోండి. నా లెక్కలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

మన రాజమండ్రి ఇంట్లో నాన్నగారికి కార్యం ఉంది. ఆయన వాళ్ల నాన్నకు రామేశ్వరంలో పిండం పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. అమ్మగారికి ఇరవై రెండు తీర్థాల స్నానం చేయాలని ఉంది. కొడుక్కి ఈ రెండూ అడిగేదాకా తెలియవు.

2. వెళ్లకూడని రోజులు ముందు కొట్టేయండి

సెలవులు ఎప్పుడున్నాయో చూసేకంటే ముందు, ఎప్పుడు వెళ్లకూడదో రాసుకోండి. ఇంట్లో ఎవరైనా పోయి ఏడాది కాకపోతే గుళ్లకు, ముఖ్యంగా కొండ మీద దేవుడి దగ్గరకు వెళ్లకూడదనే పట్టింపు మన ఇళ్లల్లో చాలాచోట్ల ఉంది. దాయాదుల్లో పురుడో, మైలో వస్తే పదిరోజులు ఆగుతారు. మీకు ఇవి పట్టకపోవచ్చు, వాళ్లకు పడతాయి. ఏటి సూతకంలో ఉన్న ఏడాది విహారయాత్రకు సరైన ఏడాది. గుడి ప్రసక్తి లేకుండా కొండ ప్రాంతానికి తీసుకెళ్తే వాళ్లకు మనసు కూడా కాస్త తేలికపడుతుంది.

కోడలు, అమ్మాయి నెలసరి తేదీలు కూడా పట్టింపు ఉన్న ఇళ్లల్లో లెక్కలోకి వస్తాయి. టికెట్లు తీసేముందు అత్తాకోడళ్లు మాట్లాడుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. మాత్రలు వేసుకుని తేదీ జరుపుకోమని మాత్రం ఎవరినీ ఒత్తిడి చేయకండి. ఒకరోజు వాళ్లు బసలో ఉండేలా, లేదా ఆ రోజు బయట చూడాల్సినవి చూసేలా ప్లాన్‌లో సందు వదిలితే సరిపోతుంది.

ఇక రద్దీ. రామేశ్వరంలో అమావాస్యకు జనం పోటెత్తుతారు. ఆషాఢ అమావాస్యగా తమిళులు చేసుకునే ఆడి అమావాస్య, తై అమావాస్య, మహాలయ అమావాస్య రోజుల్లో అగ్నితీర్థం ఒడ్డున కాలు పెట్టే చోటుండదు. అమావాస్యే కావాలని పెద్దాయన పట్టుబడితే పురోహితుడితో మాట్లాడించండి. క్షేత్రంలో చేసే తీర్థశ్రాద్ధానికి అమావాస్య వరకు ఆగనక్కర్లేదని ఆయనే చెప్తే వింటారు, మనం చెప్తే వినరు.

నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా అయ్యప్ప దీక్షల కాలం. శబరిమల వెళ్లొచ్చే స్వాములు మదురై, రామేశ్వరం, కన్యాకుమారి మీదుగా తిరుగుతారు. రైళ్లు, సత్రాలు, క్యూలు అన్నీ నిండుగా ఉంటాయి. క్రిస్మస్ సెలవులు సరిగ్గా ఇందులోనే పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో గుడి ఆవరణలో బండల మీద చెప్పుల్లేకుండా నడవడం 76 ఏళ్ల మనిషికి శిక్షే. దసరాకైతే అమ్మగారు ఇంట్లో కలశం పెట్టుకుంటారు, కదలరు.

ఇవన్నీ కొట్టేస్తే మిగిలేది సంక్రాంతి తర్వాత జనవరి చివరి నుంచి ఫిబ్రవరి, అందులో శివరాత్రి, అమావాస్యలు తీసేసి. పిల్లలకు మూడు నాలుగు రోజులు బడి పోతుంది. ఈ ఒక్క ప్రయాణానికి పోనివ్వండి అంటాను. పెద్దమ్మాయికి పరీక్షలుంటే మాత్రం వేరే మాట.

3. ఒంట్లో ఎంత ఓపిక ఉందో దగ్గర్లోని గుళ్లో చూసుకోండి

"నేను నడవగలనురా" అనే మాట మీద ప్లాన్ వేయకండి. ప్రయాణానికి నెల ముందు దగ్గర్లో ఉన్న ఒక పెద్ద గుడికి తీసుకెళ్లండి. రాజమండ్రివాళ్లకైతే అన్నవరం ఉంది. అక్కడ సత్యనారాయణ వ్రతం చేయించి, పక్కనుండి గమనించండి. కింద కూర్చున్నప్పుడు మధ్యలో కాళ్లు చాపుకున్నారా? లేచేటప్పుడు ఎవరి భుజం పట్టుకున్నారు? క్యూలో ఎంతసేపటికి గోడకు ఆనుకున్నారు? ఎన్నిసార్లు బాత్రూమ్ అడిగారు? మర్నాడు పొద్దున మామూలుగా లేచారా, లేక మంచం దిగలేకపోయారా?

ఆ మర్నాడే అసలు లెక్క. ఒక గుడి తర్వాత రోజంతా పడుకోవాల్సి వస్తే, మీ యాత్రలో గుడి రోజుకూ గుడి రోజుకూ మధ్య ఒక ఖాళీ రోజు ఉండాల్సిందే. అప్పుడు ఐదు రోజుల్లో రెండే పెద్ద దర్శనాలు పడతాయి. మన ఉదాహరణలో నాన్నగారు నలభై నిమిషాలు నిలబడ్డారు, పీట మీద కూర్చోలేక కుర్చీ అడిగారు, మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. కాబట్టి రెండే దర్శనాలు: మదురై, రామేశ్వరం.

ఇరవై రెండు తీర్థాల గురించి ఇక్కడే చెప్పాలి. ముందు సముద్రంలో, అంటే అగ్నితీర్థంలో స్నానం చేసి, ఆ తడి బట్టలతోనే గుడిలోకి వెళ్లి, ప్రాకారాల్లో అక్కడక్కడా ఉన్న ఇరవై రెండు బావుల దగ్గరకు వరసగా నడవాలి. ప్రతి బావి దగ్గరా బకెట్‌తో తోడి తలమీద పోస్తారు. దారంతా జనం ఒంటినుంచి కారిన నీళ్లతో రాతి నేల నున్నగా జారుతుంటుంది. రద్దీలో గంటన్నర పైనే పట్టొచ్చు. తర్వాత పొడిబట్టలు కట్టుకుంటేనే గర్భాలయం వైపు పంపిస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ నేలమీద కాలు జారితే తుంటి ఎముకకే ప్రమాదం. నాన్నగారికి తీర్థజలం తలమీద చల్లించి, దర్శనానికి నేరుగా తీసుకెళ్లడం మంచిది. అమ్మగారు చేయగలరనుకుంటే కోడలో, కొడుకో ఒకరు చేయి వదలకుండా పక్కన నడవాలి. "మనం చేయించలేకపోయాం" అని తర్వాత బాధపడకుండా, ఎవరు ఏది చేస్తారో ఇంటి దగ్గరే మాట్లాడుకోండి.

4. కార్యం ఉంటే ఆ ఒక్క ఉదయాన్ని కాపాడండి

ఇది చాలామంది పట్టించుకోని విషయం. తండ్రి బతికి ఉన్న కొడుకు పిండప్రదానం చేయకూడదని మన ఆచారం. అంటే ఆ రోజు నాన్నగారికి నీరసంగా ఉంటే కొడుకు కూర్చుని కానిచ్చేయడానికి లేదు. చేయాల్సింది ఆయనే. ముందు రోజు ఆయన్ను ఆరు గంటలు కారులో తిప్పి, రాత్రి పదింటికి బస చేరి, పొద్దున నాలుగింటికి లేపితే కార్యం జరగదు, లేదా జరుగుతూ మధ్యలో కళ్లు తిరుగుతాయి.

కార్యానికి ముందు రోజు పొద్దుండగానే రామేశ్వరం చేరండి. సాయంత్రం పురోహితుణ్ని కలిసి మూడు విషయాలు తేల్చుకోండి. ఏమేం చేయిస్తారు, ఎంతసేపు పడుతుంది, సంభావనతో కలిపి మొత్తం ఎంత. మర్నాడు సముద్రం ఒడ్డున నిలబడి బేరమాడితే పెద్దాయన మనసు చివుక్కుమంటుంది, అప్పుడు ఎంతడిగితే అంత ఇచ్చేస్తారు. తెలుగు మాట్లాడే పురోహితులు, తెలుగువాళ్ల సత్రాలు అక్కడున్నాయి. మీ ఊళ్లో ఇదివరకు వెళ్లొచ్చినవాళ్లను అడిగి ముందే ఫోన్ చేసి పెట్టుకుంటే మంత్రం, సంకల్పం ఆయనకు అర్థమయ్యేలా జరుగుతాయి. నేలమీద కూర్చోలేరని, ఎత్తు పీటో, కుర్చీయో కావాలని అప్పుడే చెప్పండి.

తిండి సంగతి కూడా. కార్యం పూర్తయ్యేదాకా కర్త ఏమీ తినరు. ఆయన తినకపోతే అమ్మగారూ తినరు. ఆమెకు షుగర్ ఉంది, పొద్దున మాత్రో, ఇన్సులినో వేసుకుని ఖాళీ కడుపుతో పదకొండింటి దాకా ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే పంచదారో, గ్లూకోజో నోట్లో వేయాలి, అక్కడ నియమం చూడకూడదు. అలా జరగకుండా ఉండాలంటే బయల్దేరే ముందే డాక్టరును కలిసి "ఉపవాసం ఉండే రోజు మందు ఎలా వేసుకోవాలి?" అని అడగండి. పురోహితుణ్ని "పాలు, పండు తీసుకోవచ్చా?" అని ఆమె వినేలా అడిగించండి. తీసుకోవచ్చమ్మా అని ఆయన అంటే చాలు, ఆమె తీసుకుంటుంది.

5. రెండు ప్లాన్లూ గంటల్లో రాసి చూడండి

ఊళ్ల పేర్లు రాస్తే అన్నీ పట్టేలా కనిపిస్తాయి. గంటలు రాస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. తమిళనాడు గుళ్లకు ఒక పద్ధతుంది. తెల్లవారుజామున తెరిచి, మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట ప్రాంతంలో మూసేసి, మళ్లీ మూడు, నాలుగింటికి తెరుస్తారు. తిరుమలలాగా మధ్యాహ్నం కూడా దర్శనం ఉంటుందనుకుని పన్నెండింటికి చేరే తెలుగు కుటుంబాలు మూసిన తలుపుల ముందు మూడు గంటలు కూర్చుంటాయి. ఆ మధ్యాహ్నపు ఖాళీని ముందే తెలుసుకుంటే అదే మీకు వరం. పెద్దవాళ్లు భోంచేసి పడుకుంటారు, పిల్లలను తీసుకుని ఒకరు బయటికి వెళ్తారు.

ఇప్పుడు మన ఇంటి లెక్క. మదురై నుంచి రామేశ్వరం దాదాపు 170 కిలోమీటర్లు, కారులో మూడున్నర గంటలు. రామేశ్వరం నుంచి కన్యాకుమారి 300 పైనే, మధ్యలో ఆగుతూ వెళ్తే ఏడు గంటలు. మదురై నుంచి కొడైకెనాల్ 120 వరకు, కానీ ఘాట్ రోడ్డు. ఐదు రోజుల్లో ఈ నాలుగూ పెట్టుకుంటే సగం పగళ్లు కారులోనే గడుస్తాయి. నేనైతే కన్యాకుమారినీ, కొడైకెనాల్‌నూ తీసేస్తాను. కన్యాకుమారి తీసేయడం బాధగానే ఉంటుంది. కానీ అక్కడ వివేకానంద శిల దగ్గరికి వెళ్లాలంటే పడవ కోసం పెద్ద క్యూ, పడవ ఎక్కడం దిగడం, సముద్రం బాగోలేకపోతే పడవలే ఆపేయడం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అన్ని గంటల కారు ప్రయాణం చేయించేది ఒడ్డున కూర్చోబెట్టడానికి కాదు కదా.

అలా తీసేశాక మిగిలింది ఇలా ఉంటుంది.

మొదటి రోజు పొద్దున మదురై చేరిక, బస, నిద్ర. సాయంత్రం నాలుగున్నరకు మీనాక్షి అమ్మవారి దర్శనం. ఆ ఒక్కటే.

రెండో రోజు పొద్దున పెద్దవాళ్లు తీరిగ్గా ఉంటారు. పిల్లలు, తల్లి లేదా తండ్రి కలిసి తిరుమల నాయకర్ మహల్ చూసొస్తారు. మదురైని ఏలిన నాయకులు తెలుగువారేనని చెప్తే పిల్లలు ఆ స్తంభాలను ఇంకోలా చూస్తారు. తర్వాత రామేశ్వరం రైలు. కారుకంటే రైలే ఎందుకంటే, పాంబన్ దగ్గర అది సముద్రం మీద వెళ్తుంది. పాత వంతెన స్థానంలో, ఓడలు వస్తే మధ్య భాగం నిలువుగా పైకి లేచే కొత్త వంతెనను 2025 ఏప్రిల్‌లో ప్రారంభించారు. ఆ నిమిషాల్లో తాతా, మనవడూ ఒకే కిటికీ దగ్గర ఉంటారు. రైలు సమయాలు కుదరకపోతే పక్కనే రోడ్డు వంతెన ఉంది, దాని మీంచి కూడా రైలు వంతెన కనిపిస్తుంది.

మూడో రోజు తెల్లవారుజామున కార్యం, అమ్మగారి తీర్థస్నానం, దర్శనం. భోజనం. నిద్ర. పెద్దవాళ్లకు ఆ రోజు ఇంకేమీ పెట్టకండి. వెయ్యికి పైగా స్తంభాలున్న ఆ పొడవాటి ప్రాకారాన్ని పిల్లలు కార్యం జరుగుతుండగానే చూసేయొచ్చు, సాయంత్రం వాళ్లను అబ్దుల్ కలాం స్మారకానికి తీసుకెళ్లొచ్చు. ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే.

నాలుగో రోజు ధనుష్కోటి. యాత్రా, విహారం ఒకే రోడ్డు మీద కలిసే చోటు ఇది. దారిలోనే కోదండరామస్వామి గుడి, విభీషణుడు రాముణ్ని శరణు కోరిన చోటుగా చెప్తారు. మెట్లు తక్కువ, జనం తక్కువ. ఇంకా ముందుకెళ్తే 1964 డిసెంబరు తుఫానులో తుడిచిపెట్టుకుపోయిన ఊరి శిథిలాలు, కూలిన చర్చి గోడలు, చివర అరిచల్ మునై దాకా తారు రోడ్డు. రెండు వైపులా సముద్రం. పెద్దవాళ్లకు అది రాముడి సేతువు మొదలైన చోటు, పిల్లలకు దేశం చివర. నీడ ఉండదు కాబట్టి పొద్దున ఎనిమిదింటికే బయల్దేరండి. సాయంత్రమైతే వాహనాలను ముందే ఆపేస్తారు కూడా.

ఐదో రోజు మదురై, తిరుగు రైలు.

పిల్లలకు ఇందులో ఏం తక్కువైందో చూడండి. సముద్రం, వంతెన, పాడుబడిన ఊరు, రాజుగారి మహలు అన్నీ ఉన్నాయి. లేనిది చలి ఒక్కటే. యాత్రాస్థలంలో చూడదగ్గవి ఏమున్నాయో వెతక్కుండానే "అది గుళ్ల ట్రిప్" అని కొట్టేస్తాం.

ఇదే ఇంట్లో కార్యం, ముడుపు ఏవీ లేకపోతే నేను కొడైకెనాల్ వైపే మొగ్గుతాను, రామేశ్వరం కాకుండా పళని కలుపుతాను. రెండింటికీ మధ్య అరవై ఐదు కిలోమీటర్ల వరకు ఉంటుంది. పళని కొండకు దాదాపు ఏడువందల మెట్లున్నా, రోప్‌వే, పట్టాల మీద పైకి లాగే వించ్ బండి రెండూ ఉన్నాయి. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, ఏడాదికోసారి మరమ్మతులకు కొన్ని వారాలు మూసేస్తారు. బయల్దేరే వారం ఫోన్ చేసి కనుక్కోండి. కొడైకెనాల్ ఎత్తు రెండువేల మీటర్ల పైన. కీళ్లనొప్పులున్నవాళ్లకు రాత్రి చలి ఇబ్బంది పెడుతుంది, వేడినీళ్లు, కింది అంతస్తు గది అడిగి తీసుకోండి. కారులో వెళ్తే ఈ-పాస్ కావాలి. 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు అది తప్పనిసరి చేశారు.

6. టికెట్లు, గదులు ఈ వరసలో

ముందు రైలు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కింది బెర్తుకు సీనియర్ సిటిజన్ కోటా ఉంది, మగవాళ్లకు 60 ఏళ్లు, ఆడవాళ్లకు 45 దాటితే వర్తిస్తుంది. కానీ ఒక టికెట్ మీద ఇద్దరిని మించి ఉంటే ఆ కోటా పనిచేయదు. ఆరుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే నాన్నగారికి పైబెర్తు పడినా పడొచ్చు. వాళ్లిద్దరికీ విడిగా ఆ కోటాలో తీసి, మిగతా నలుగురికీ అదే బోగీ ఎంచుకుని ఇంకో టికెట్ తీయండి. చార్జీలో రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు. చెన్నైలో రైలు మారాల్సి వస్తే, మన వైపు రైళ్లు చాలావరకు సెంట్రల్‌లో ఆగుతాయి, మదురై రైళ్లు ఎక్కువగా ఎగ్మోర్ నుంచి ఉంటాయి. సామానుతో పెద్దవాళ్లను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు చేర్చడానికి కనీసం మూడు నాలుగు గంటల వ్యవధి పెట్టుకోండి.

తర్వాత పురోహితుడు. ఆయన చెప్పిన రోజును బట్టి రామేశ్వరం గది. గుడికి ఎంత దగ్గరైతే అంత మంచిది. స్టార్లు చూడకండి, గదినుంచి గుడి ద్వారం దాకా నడక చూడండి. వెస్ట్రన్ టాయిలెట్, బాత్రూంలో పట్టుకునే కడ్డీ, లిఫ్ట్, ఈ మూడు ఫోన్‌లోనే అడగండి. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం ఎక్కడ దొరుకుతుందో కూడా అప్పుడే అడగండి. ఆ మధ్యలో ఏకాదశి పడుతుందేమో క్యాలెండర్ చూసుకోండి.

7. అక్కడికెళ్లాక ఇవి కనిపెట్టండి

తమిళనాడు పెద్ద గుళ్లల్లో చాలాచోట్ల ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయటే లాకర్లో పెట్టాలి. మీనాక్షి గుడిలో నాలుగు దిక్కులా గోపురాలున్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వేరే గోపురం నుంచి బయటికొచ్చిన పెద్దాయన ఊరికి ఆ చివర నిలబడతారు, భాష రాదు, చేతిలో ఫోన్ లేదు. అందుకని లోపలికి వెళ్లగానే పొట్రామరై కోనేటి మెట్ల దగ్గరికి అందరినీ తీసుకెళ్లి, "ఎవరు తప్పిపోయినా ఇక్కడికే రావాలి, ఇక్కడినుంచి కదలకూడదు" అని చెప్పండి. కోనేరు ఎటని ఎవరినడిగినా చూపిస్తారు. బస పేరు, మీ ఫోన్ నంబరు తమిళంలో, ఇంగ్లీషులో రాసిన చీటీ నాన్నగారి జేబులో, అమ్మగారి కొంగుకు కట్టి ఉంచండి.

అలసట వాళ్లు చెప్పరు, మనమే కనిపెట్టాలి. "నేనిక్కడ కూర్చుంటాను, మీరు చూసి రండి" అన్నారంటే ఆ రోజుకు ఓపిక అయిపోయినట్టే. అమ్మగారు మంచినీళ్లు తాగడం తగ్గించారేమో చూడండి. బాత్రూం దొరకదన్న భయంతో ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, నీరసం వస్తాయి. కారు బయల్దేరే ముందు, గుళ్లోకి వెళ్లే ముందు మీరే బాత్రూంకి తీసుకెళ్తుంటే ఆ భయం పోయి నీళ్లు తాగుతారు.

ఇలా ఏ ఒక్కటి కనిపించినా మర్నాటి కార్యక్రమంలోంచి ఒకటి తీసేయండి. ఏది తీయాలన్నది మాత్రం వాళ్లను అడక్కండి, అడిగితే పిల్లలు చూడాల్సింది ఉంచి తమ దర్శనం వదులుకుంటారు. కార్యం, ముడుపు తప్ప ఇంకేదైనా తీయొచ్చని ఇంటి దగ్గరే అనుకుని ఉంటే, ధనుష్కోటికి వెళ్లాల్సిన పొద్దున నాన్నగారు లేవలేకపోయినా కొడుకు ఆయన దగ్గర ఉండిపోతాడు, మిగతావాళ్లు వెళ్లొస్తారు.